ఉదయం ఆరున్నరకు ఎన్ని కుళాయిలు తెరుచుకుంటాయి?

హాస్టల్ కట్టేటప్పుడు గదుల లెక్క, మంచాల లెక్క, సిమెంటు లెక్క అందరూ వేస్తారు. నీటి పైపు దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలాచోట్ల లెక్క ఉండదు, అలవాటు ఉంటుంది. "మెయిను రెండించులు వేద్దాం సార్, కిందికి ఇంచుంపావు, లోపల అరంగుళం" అని ప్లంబరు అంటాడు, కట్టించేవారు సరేనంటారు. ఆ కొలతలు పది మంది ఉండే ఇంటికి సరిపోతాయి. రెండొందల మంది ఉండే హాస్టల్లో అయితే మొదటి నెలలోనే బండారం బయటపడుతుంది. కింద అంతస్తులో బకెట్లు నిండుతుంటే పై అంతస్తులో కుళాయి బుసకొడుతుంది.

అలా జరగకుండా ముందే లెక్క వేసే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు ఫిక్స్చర్ యూనిట్ల పద్ధతి. పేరు ఇంజినీర్లదే అయినా లెక్క కూడిక, గుణకారం దాటి పోదు. ఒక హాస్టల్ ప్లాను ముందు పెట్టుకుని దాన్ని చివరిదాకా వేసి చూద్దాం.

మన హాస్టల్

గ్రౌండ్ ఫ్లోరు, దాని పైన మూడు అంతస్తులు. అంతస్తుకి 48 మంది చొప్పున మొత్తం 192 మంది అమ్మాయిలు. ప్రతి అంతస్తులో ఒక చివర 8 లెట్రిన్లు, 8 స్నానాల గదులు, 8 వాష్‌బేసిన్లు. అంటే ఆరుగురికి ఒక్కొక్కటి. లెట్రిన్లలో ఫ్లష్ ట్యాంకులు, స్నానాల గదుల్లో బకెట్ కుళాయితో పాటు షవరు ఉన్నాయి. వేడినీళ్ళ లైను లేదు. డాబా మీద రెండో చివర, మెట్ల గది దగ్గర నీళ్ళ ట్యాంకు ఉంది.

ముందుగా చాలామంది చేసే పొరపాటు ఒకటి చూద్దాం. మన దేశపు ప్రమాణాల ప్రకారం హాస్టల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలి. 192 మందికి 25,920 లీటర్లు. దీన్ని 24 గంటలకు పంచితే నిమిషానికి 18 లీటర్లే వస్తుంది. ఒక్క ముప్పావు ఇంచు పైపు దీన్ని తేలిగ్గా మోస్తుంది. కానీ ఆ సగటు అర్ధరాత్రిని, మధ్యాహ్నాన్ని కూడా కలుపుకున్న సగటు. పైపుకి పరీక్ష ఉదయం ఆరున్నరకు. రోజువారీ అవసరం సంపు, ట్యాంకు ఎంత పెద్దవి కావాలో చెబుతుంది. పైపు ఎంత లావు ఉండాలో చెప్పేది రద్దీ వేళ ఒక్క నిమిషంలో పారాల్సిన నీరు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. హాస్టల్లో ఉన్న 96 కుళాయిలూ ఒకేసారి తెరిచారనుకుని లెక్కవేయడం. స్నానాల కుళాయికి నిమిషానికి 12 లీటర్లు, ఫ్లష్ ట్యాంకు నిండటానికి 8, బేసిన్‌కి 6 అనుకుంటే మొత్తం 832 లీటర్లు అవుతుంది. అంత పైపు వేస్తే డబ్బు దండగ. పెళ్ళికి వెయ్యి మందిని పిలిచినంత మాత్రాన వెయ్యి విస్తళ్ళు ఒకే బంతిలో వేయం కదా!

నిజం 18కి, 832కి మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న.

హంటర్ వేసిన లెక్క

దీనికి జవాబిచ్చినవాడు రాయ్ హంటర్. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేశాడు. ఆయన పద్ధతి 1940లో అచ్చయింది. ఈనాటికీ చాలా దేశాల ప్లంబింగ్ నియమావళులకు మూలం అదే.

హంటర్ ప్రతి పరికరం గురించి మూడు సంగతులు అడిగాడు. వాడినప్పుడు నిమిషానికి ఎన్ని నీళ్ళు లాగుతుంది? ఒకసారి వాడితే ఎంతసేపు లాగుతుంది? రద్దీ వేళ ఒక వాడకానికి, తర్వాతి వాడకానికి మధ్య ఎంత వ్యవధి ఉంటుంది? ఫ్లష్ ట్యాంకునే తీసుకోండి. ఆయన లెక్కలో అది నిమిషానికి సుమారు 15 లీటర్ల చొప్పున 60 సెకన్ల పాటు నిండుతుంది. ముందు మనుషులు వరసలో నిలబడి ఉన్నా సరే, మళ్ళీ ఫ్లష్ చేయడానికి 300 సెకన్లు పడుతుంది. అంటే రద్దీలో ఏ క్షణాన చూసినా అది నీళ్ళు లాగుతూ ఉండే అవకాశం అయిదింట ఒక వంతు. ట్యాంకు లేకుండా నేరుగా పైపు నుంచే ఊడ్చే ఫ్లష్ వాల్వు ఉంటుంది చూడండి, అది 9 సెకన్లే లాగుతుంది. కానీ ఆ కాసేపూ నిమిషానికి 100 లీటర్లకు పైన వేగంతో లాగుతుంది.

ఇక్కడో చిక్కు ఉంది. ఒకే రకం పరికరాలు ఎన్ని ఒకేసారి నడుస్తాయో సంభావ్యతతో చెప్పవచ్చు. లెట్రిన్లు, స్నానాల కుళాయిలు, బేసిన్లు కలిసి ఉంటే? ఒక్కో రకానికి గరిష్ఠం విడివిడిగా కట్టి కూడితే లెక్క పెరిగిపోతుంది. స్నానాల కుళాయిలన్నీ ఎక్కువగా తెరుచుకున్న సెకనులోనే ఫ్లష్‌లు కూడా అన్నీ పడటం అరుదు. అందుకని హంటర్ ఒక ఉపాయం చేశాడు. ఫ్లష్ వాల్వుకి 10 అని ఒక అంకె ఇచ్చి, పైపు మీద వేసే భారాన్ని బట్టి మిగతా పరికరాలకు దానితో పోల్చి అంకెలు ఇచ్చాడు. అవే ఫిక్స్చర్ యూనిట్లు. ఒక యూనిట్ అంటే ఇన్ని లీటర్లు అని అర్థం కాదు. అది పోలిక మాత్రమే. అన్ని పరికరాల యూనిట్లూ కూడి, ఆ మొత్తాన్ని ఒక వక్రరేఖ మీద చూస్తే నిమిషానికి ఎన్ని నీళ్ళు కావాలో తెలుస్తుంది. రద్దీ వేళలో నూటికి ఒక వంతు సమయం మాత్రమే గిరాకీ దాన్ని దాటేలా ఆ రేఖను గీశారు.

ఆ రేఖలో చూడాల్సిన గుణం ఒకటుంది. యూనిట్లు రెట్టింపయితే నీరు రెట్టింపు కాదు. పరికరాలు పెరిగేకొద్దీ అందరూ ఒకేసారి వాడే అవకాశం తగ్గుతుంది కాబట్టి రేఖ పైకి పోతూ పోతూ వంగుతుంది.

యూనిట్లు కూడదాం

నలుగురూ వాడే చోట్లకు నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న పట్టిక ప్రకారం ఫ్లష్ ట్యాంకు ఉన్న లెట్రిన్‌కి 5 యూనిట్లు, స్నానానికి 4, బేసిన్‌కి 2. అదే పట్టికలో ఇళ్ళకు ఈ అంకెలు సగం కన్నా తక్కువ ఉంటాయి. ఇంట్లో బేసిన్ దగ్గర క్యూ ఉండదు కదా. హాస్టల్‌కి ఇంటి అంకెలు వాడటం అతి సాధారణంగా జరిగే తప్పు.

ఒక అంతస్తుకి 8 లెట్రిన్లకు 40, స్నానాల గదులకు 32, బేసిన్లకు 16. మొత్తం 88 యూనిట్లు. నాలుగు అంతస్తులకు 352.

ఇప్పుడు రేఖ మీద చూద్దాం. 88 యూనిట్లకు నిమిషానికి సుమారు 153 లీటర్లు. 176కి 228. 264కి 294. మొత్తం 352 యూనిట్లకు 360 లీటర్లు. ఒక్క అంతస్తుకే 153 కావాల్సి ఉండగా నాలుగింటికి 612 కాకుండా 360 చాలింది. రేఖ వంగిందన్న మాటకు అర్థం ఇదే.

మన రద్దీ వేళ అవసరం నిమిషానికి 360 లీటర్లు, అంటే సెకనుకు 6 లీటర్లు. రోజు సగటుకు ఇది ఇరవై రెట్లు.

బకెట్ స్నానానికి ఆ అంకె చెల్లుతుందా?

హంటర్ అమెరికాలో కూర్చుని వేసిన లెక్క మన బకెట్ స్నానానికి పనికొస్తుందా అన్న అనుమానం సహజం. నేరుగా వేసి చూడవచ్చు.

ఉదయం స్నానాల గదులు ఖాళీ ఉండవు. ఒక్కో గదికి ఆరుగురు, ఒక్కొక్కరికి 12 నిమిషాలు అనుకుందాం. 20 లీటర్ల బకెట్లు రెండు నింపడానికి, నిమిషానికి 12 లీటర్ల కుళాయి 200 సెకన్లు తెరిచి ఉంటుంది. అంటే ఏ క్షణాన చూసినా కుళాయి తెరిచి ఉండే అవకాశం నూటికి 28. మొత్తం 32 గదుల్లో సగటున 9 కుళాయిలు నడుస్తుంటాయి. నూటికి 99 వంతుల సమయం 15 దాటవు. లెట్రిన్లు, బేసిన్లకు కూడా ఇలాగే వేసి మూడింటినీ సంభావ్యత ప్రకారం కలిపితే నిమిషానికి 300 లీటర్ల దగ్గర తేలుతుంది. హంటర్ రేఖ ఇచ్చిన 360 దానికి పైనే ఉంది. బకెట్ హాస్టల్‌కి ఆ అంకె భద్రమే.

ఇప్పుడు బకెట్ల బదులు అందరూ షవరు వాడారనుకోండి. 12 నిమిషాల్లో 6 నిమిషాలు షవరు నడుస్తుంది. నిమిషానికి 9 లీటర్ల షవరయితే లెక్క 325 దగ్గర ఆగుతుంది. 15 లీటర్ల పెద్ద షవర్లు పెడితే 450కి ఎగబాకుతుంది. రేఖ ఇచ్చిన 360 అప్పుడు చాలదు. కాబట్టి పెద్ద షవర్లు పెట్టే ఉద్దేశం ఉంటే పైపు లెక్కకు ముందే చెప్పాలి. భవనం అయ్యాక షవర్లు మార్చడం అంటే పైపు లెక్కను మార్చడమే.

పైపు ఎంచుకోవడం

సెకనుకు 6 లీటర్లు ఎంత పైపులో పారాలి? రెండు పరీక్షలు ఉన్నాయి. మొదటిది వేగం. పైపులో నీరు సెకనుకు 2 మీటర్లు దాటకుండా చూసుకుంటారు. దాటితే మోత, కుళాయి కట్టినప్పుడు దెబ్బ, జాయింట్ల మీద ఒత్తిడి. రెండోది రాపిడి. పైపు పొడవునా నీరు గోడలకు రాసుకుని బలం కోల్పోతుంది. మోటారు తోసే లైనులో కొంత నష్టం తట్టుకోవచ్చు. డాబా ట్యాంకు నుంచి దిగే లైనులో ఉన్న బలమల్లా ఎత్తు ఒక్కటే.

మన ట్యాంకు అడుగు డాబాకి 2 మీటర్ల పైన ఉందనుకుందాం. పై అంతస్తులో బకెట్ కుళాయి దానికి 4 మీటర్ల కింద ఉంటుంది, షవరు 3 మీటర్ల కింద. ట్యాంకు అడుగంటుతున్నప్పుడు చేతిలో ఉన్న ఎత్తు అంతే. అదే గ్రౌండ్ ఫ్లోరు కుళాయికి 13 మీటర్లు. కష్టమంతా పై అంతస్తుదే కావడానికి కారణం ఇది.

ట్యాంకు నుంచి టాయిలెట్ల షాఫ్టు దాకా డాబా మీద పైపు, వంపులు, వాల్వులు కలుపుకుని 30 మీటర్లకు సమానం అనుకుందాం. సెకనుకు 6 లీటర్లు ప్లాస్టిక్ పైపులో పారితే ఇలా ఉంటుంది. రెండించుల పైపులో వేగం 2.8 మీటర్లు, నష్టపోయే ఎత్తు 4 మీటర్ల పైన. రెండున్నర ఇంచుల పైపులో వేగం 2 మీటర్లు, నష్టం 1.75 మీటర్లు. మూడించుల పైపులో వేగం 1.3 మీటర్లు, నష్టం 0.6 మీటరు.

ప్లంబరు చెప్పిన రెండించుల పైపు ఉన్న ఎత్తునంతా డాబా మీదే మింగేసింది. పై అంతస్తుకు ఇక మిగిలింది సున్నా. రెండున్నర వేగంలో అంచున నిలిచింది, కానీ షవరు దగ్గరికొచ్చేసరికి 1.25 మీటర్లే మిగులుతుంది, అందులో లోపలి లైను కూడా కొంత తింటుంది. మూడించులు వేస్తే షవరుకు 2.4 మీటర్లు మిగులుతాయి. బకెట్‌కి అది హాయిగా చాలుతుంది, షవరుకు అంతంతమాత్రం. షవరు బాగా రావాలంటే ఇక పైపు పెంచి లాభం లేదు. ట్యాంకును ఇంకో రెండు మూడు మీటర్లు ఎత్తు కట్టాలి, లేదా పై అంతస్తుకు చిన్న ప్రెజర్ పంపు పెట్టాలి.

షాఫ్టులో దిగే పైపు అంతటా మూడించులు అక్కర్లేదు. పై అంతస్తుకి కొమ్మ విడిపోయాక మిగిలింది 264 యూనిట్లు, సెకనుకు 4.9 లీటర్లు. అక్కడ రెండున్నర ఇంచులు చాలు. రెండో అంతస్తు కొమ్మ తర్వాత 176 యూనిట్లు, 3.8 లీటర్లు. రెండించులు. చివరి 88 యూనిట్లకు ఒకటిన్నర ఇంచు. ఒక్కో అంతస్తు దిగేకొద్దీ 3 మీటర్ల ఎత్తు అదనంగా దొరుకుతుంది కాబట్టి కింద పైపు సన్నబడినా నష్టం లేదు. పై అంతస్తు లోపలి కొమ్మకు మాత్రం అదే 88 యూనిట్లకు రెండించులు వేయాలి. యూనిట్లు ఒకటే అయినా అక్కడ ఎత్తు లేదు.

లెక్క ఎక్కడ చెడుతుంది

హంటర్ పద్ధతికి పునాది ఒక ఊహ. ఎవరి కుళాయి వారు తమ ఇష్టప్రకారం తెరుస్తారు, ఒకరితో ఒకరికి సంబంధం లేదు అన్నది ఆ ఊహ. మన హాస్టళ్ళలో దాన్ని కూల్చేది వాల్వు తాళం. నీళ్ళు ఆదా చేయాలని పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట మాత్రమే వాల్వు తిప్పే చోట, నీళ్ళు రాగానే అన్ని ఫ్లష్ ట్యాంకులూ ఒకేసారి నిండటం మొదలుపెడతాయి. అన్ని గదుల్లో బకెట్లు కుళాయిల కిందికి చేరతాయి. నీళ్ళు ఆగిపోతాయన్న భయంతో డ్రమ్ములు కూడా నింపుకుంటారు. అప్పుడు గిరాకీ 360 దగ్గర ఆగదు, 832 వైపు పరుగెడుతుంది. మూడించుల పైపు వేసిన హాస్టల్లో కూడా పై అంతస్తు ఎండుతుంది. ఆ తప్పు పైపుది కాదు. నీళ్ళు 24 గంటలూ ఉంచి, వృథాను మీటరుతో, లీకుల మరమ్మతుతో అరికడితే రద్దీ తగ్గుతుంది.

దీనికి భిన్నంగా అపార్టుమెంట్లలో ఇదే పద్ధతి లెక్కను ఎక్కువ చేసి చూపుతుంది. ఇప్పటి కుళాయిలు, ఫ్లష్‌లు 1940 నాటి వాటికన్నా తక్కువ నీరు లాగుతాయి. అందుకే అమెరికాలో 2018 నాటి యూనిఫాం ప్లంబింగ్ కోడు నివాస గృహాలకు వేరే లెక్కింపు పద్ధతిని అనుబంధంగా చేర్చింది. అది ఇళ్ళకే. క్యూలు కట్టే హాస్టల్‌కి దాన్ని వాడకూడదు.

ఇంకో హెచ్చరిక. మురుగు పైపులకూ ఫిక్స్చర్ యూనిట్లు ఉంటాయి. పేరు ఒకటే, పట్టిక వేరు. నీటి పట్టిక అంకెలతో మురుగు పైపు లెక్కకట్టినా, దానితో దీన్ని కట్టినా తప్పే.

ఇప్పటికే కట్టిన హాస్టల్లో

నీళ్ళు సన్నగా వస్తున్నాయంటే వెంటనే మెయిను మార్చనక్కర్లేదు. ముందు ఒక బకెట్, ఒక గడియారం తీసుకోండి. పై అంతస్తులో ఒకే కుళాయి కింద 20 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో మధ్యాహ్నం రెండింటికి, మర్నాడు ఉదయం ఆరున్నరకు చూడండి. రెండుసార్లూ నెమ్మదిగా నిండితే లోపం దగ్గర్లోనే ఉంది. కుళాయి జాలీలో ఇసుక, ఉప్పునీటి గార, సగం తెరిచిన వాల్వు లాంటివి చూసుకోవాలి. మధ్యాహ్నం రెండు నిమిషాల లోపే నిండి, ఉదయం అయిదారు నిమిషాలు పడితే మెయిను చాలడం లేదని అర్థం.

ఉదయం కుళాయి బుస్సుమని గాలి పీలుస్తుంటే అది ఇంకో గుర్తు. కింది అంతస్తులు లాగే నీరు పై నుంచి వచ్చే నీటిని మించిపోయి, పై అంతస్తు పైపులోకి గాలి చొరబడుతోంది. డాబా మీద పైపు మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటే అక్కడ గాలి ఇరుక్కుని ఇదే ఇబ్బంది తెస్తుంది. దిగే పైపు తలకు, ట్యాంకు నీటి మట్టం కన్నా ఎత్తుగా ఒక గాలి గొట్టం ఉందో లేదో చూడాలి. మెయిను చిన్నదే అని తేలినా షాఫ్టంతా పగలగొట్టనక్కర్లేదు. చాలాచోట్ల ట్యాంకు నుంచి పై అంతస్తుకు విడిగా రెండించుల లైను ఒకటి దించితే సరిపోతుంది. పై అంతస్తు తన ఎత్తును కింది అంతస్తులతో పంచుకోవాల్సిన పని అప్పుడు ఉండదు.

కొత్తగా హాస్టల్ కట్టించేవారు, అద్దెకు తీసుకుని నడపబోయేవారు డ్రాయింగ్ మీద మూడు అంకెలు రాయించుకోండి: మొత్తం ఫిక్స్చర్ యూనిట్లు, రద్దీ వేళ నిమిషానికి లీటర్లు, పై అంతస్తు షవరు దగ్గర మిగిలే ఎత్తు. ఈ మూడూ లేని ప్లంబింగ్ డ్రాయింగ్ మీద సంతకం పెట్టకండి. రెండించులకు, మూడించులకు మధ్య ధరలో తేడా పైపు కొన్న రోజున ఒక్కసారే కనిపిస్తుంది. రెండించులు వేస్తే పై అంతస్తు పిల్లలకు ఆ ఇబ్బంది ప్రతి ఉదయం ఉంటుంది.